దూడ డొక్కలు చూడండి

నవంబరు, డిసెంబరుల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే మదనపల్లె, పుంగనూరు, పలమనేరు వైపు మూడు నాలుగు రోజులు ముసురు వదలదు. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న నేల అది. ఎండ మొహం కనిపించని రోజున చలి ఎముకలు కొరుకుతుంది. అక్కడ జెర్సీ, హెచ్ఎఫ్ సంకర ఆవుల మీద బతికే కుటుంబాలు ఎక్కువ. ముసురు పట్టగానే రైతు మొదట చేసే పని కొట్టం చుట్టూ టార్పాలిన్ పట్టలు దించి, నేల దాకా బిగించి కట్టడం. దూడకు చలి తగలకూడదన్న ఆపేక్షతోనే కడతాడు. ముసురు విడిచిన వారం పది రోజుల్లో ఒక దూడ దగ్గుతుంది, తర్వాత పక్కది దగ్గుతుంది. చలిగాలి కొట్టిందనుకుని పట్టలు ఇంకా బిగిస్తారు. నిజానికి ఆ దూడలను ఎక్కువగా దెబ్బతీసేది పట్టల లోపల కదలకుండా నిలిచిపోయిన చెమ్మగాలి, కింద తడిసిన పడక.

ఆ మూసిన కొట్టంలో రాత్రంతా ఏం జరుగుతుందో చూద్దాం. ఆవుల ఊపిరితో, పేడతో, ఉచ్చతో గాలిలోకి ఎడతెగకుండా నీరు చేరుతుంది. రేకులు చల్లగా ఉంటాయి కాబట్టి తెల్లవారుజామున ఆ నీరు రేకు అడుగున బొట్లుగా పేరుకుని దూడల వీపు మీద కారుతుంది. ఉచ్చ నుంచి అమ్మోనియా లేస్తుంది. దూడ శ్వాసనాళం లోపలి గోడ మీద కంటికి కనిపించని సన్నని వెంట్రుకల్లాంటివి ఉంటాయి. ముక్కుతో పీల్చిన దుమ్మునూ క్రిములనూ అవి చీపురులా పైకి ఊడ్చేస్తుంటాయి. అమ్మోనియా వాటిని పని చేయనివ్వదు. ఏదైనా వైరస్ సోకితే అవి ఇంకా దెబ్బతింటాయి. అప్పటిదాకా ముక్కులో, గొంతులో ఏ హానీ చేయకుండా ఉన్న పాశ్చురెల్లా, మ్యాన్‌హీమియా వంటి బ్యాక్టీరియా అదను చూసుకుని ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. అదే నిమోనియా.

రెండో నెల నుంచి ఐదో నెల దాకా దూడలకు ఈ గండం ఎక్కువ. జున్నుపాలతో తల్లి నుంచి వచ్చిన రక్షణ అప్పటికి తరిగిపోతూ ఉంటుంది, దూడ సొంత రక్షణ ఇంకా పూర్తిగా నిలదొక్కుకుని ఉండదు. పుట్టిన రెండు గంటల్లో జున్నుపాలు తాగని దూడకైతే ఈ గండం ఇంకా ముందే వస్తుంది. పాతిక కిలోల దూడకు మొదటి రోజు రెండున్నర లీటర్లకు తగ్గకుండా జున్నుపాలు పట్టాలి. ఎంత మంచి కొట్టమైనా ఆ లోటును పూడ్చలేదు.

ఇక గుర్తుపట్టడం. దగ్గు వినిపించే దాకా ఆగితే ఆలస్యమైనట్టే. మొదట మారేది దూడ తీరు. పాల వేళకు ఎగబడి వచ్చేది మెల్లగా లేచి వస్తుంది, లేదా పడుకునే ఉంటుంది. ఒక చెవి వేలాడేస్తుంది. కళ్ల నుంచి నీరు, ముక్కు నుంచి నీళ్ల చీమిడి కారుతాయి. రెండు మూడు రోజుల్లో ఆ చీమిడి చిక్కబడి పసుపు రంగుకు తిరుగుతుంది. ఈ దశలో గుదంలో థర్మామీటరు పెడితే చాలా వరకు తేలిపోతుంది. దూడకు మామూలు వేడి 101.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 103 దాటిందంటే జ్వరమే. థర్మామీటరును పేడలోకి గుచ్చకుండా, గుదం పక్క గోడకు ఆనించి నిమిషం పాటు పట్టుకోవాలి.

తర్వాత డొక్కలు లెక్కపెట్టాలి. తెల్లవారుజామున పాలకు ముందు, దూడ ప్రశాంతంగా పడుకుని ఉన్నప్పుడు మూడు నాలుగడుగుల దూరంలో నిలబడండి. చివరి పక్కటెముక వెనక భాగం పైకి లేచి కిందికి పడితే ఒక శ్వాస. అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయండి. ఆరోగ్యంగా ఉన్న చిన్న దూడ నిమిషానికి 30 నుంచి 40 సార్లు ఊపిరి తీస్తుంది. 50 దాటితే పావుగంట ఆగి మళ్లీ లెక్కపెట్టండి. అప్పుడూ తగ్గకపోతే, అందులోనూ చల్లటి వేళ అయితే, అది ఆయాసమే. ఎండలో నిలబడిన దూడ, పరుగెత్తిన దూడ, అప్పుడే పాలు తాగిన దూడ కూడా వేగంగా ఊపిరి తీస్తాయి. అందుకే వేళ చూసుకుని లెక్కపెట్టమనడం.

లెక్క ఒక్కటే కాదు, ఊపిరి తీరు కూడా చూడాలి. మామూలుగా ఛాతీ, పొట్ట కలిసి మెత్తగా కదులుతాయి. జబ్బు ముదిరితే ఛాతీ బిగుసుకుని డొక్కలు ఎగురుతాయి. ముక్కుపుటాలు విప్పారతాయి. మెడ ముందుకు చాచి, ముంగాళ్ల మోచేతులు పక్కలకు విడదీసి నిలబడుతుంది. ఊపిరి వదిలేటప్పుడు మూలుగుతుంది. నోరు తెరిచి నాలుక బయటపెట్టి రొప్పుతోందంటే ఇంకొక్క పూట కూడా ఆగకూడదు. ముందు రోజు 105 డిగ్రీలున్న జ్వరం మర్నాడు 100కు పడిపోయి దూడ లేవలేకపోతుంటే అది తగ్గడం కాదు, చేయి దాటిపోవడం. గొంతు కింద ఉన్నట్టుండి వాపు వచ్చి గురక పెడుతుంటే గొంతువాపు వ్యాధి కావచ్చు. దానికి గంటల మీద ప్రాణం పోతుంది కాబట్టి వెంటనే డాక్టరును పిలవాలి.

ఇక్కడ మన ఊళ్లలో జరిగే ఒక పెద్ద పొరపాటు గురించి గట్టిగా చెప్పాలి. దగ్గే దూడ తల పైకెత్తి, వెదురు గొట్టంతో నూనో కషాయమో పోస్తారు. ఆయాసపడే దూడ మింగుడుకూ ఊపిరికీ మధ్య అదుపు తప్పి ఉంటుంది. పోసింది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఉన్న నిమోనియా మీద ఇంకో నిమోనియా తెచ్చిపెట్టినట్టే. మందేదైనా ఇంజెక్షన్‌గానే పడాలి, అది కూడా పశువైద్యుడు చూశాకే. 1962 నంబరుకు ఫోన్ చేస్తే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనం వస్తుంది. ఏ యాంటీబయాటిక్ ఎన్ని రోజులు వేయాలో డాక్టరు చెప్పినన్ని రోజులూ వేయించాలి. రెండో రోజుకే జ్వరం దిగి దూడ పాలు తాగడం మొదలెట్టిందని ఆపేస్తే వారంలో జబ్బు తిరగబెడుతుంది, రెండోసారి మందుకు త్వరగా లొంగదు. నొప్పికీ జ్వరానికీ డైక్లోఫెనాక్ వేయించకండి. ఆ మందు పడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చనిపోతుంటే 2006లో కేంద్రం పశువులకు వాడకుండా నిషేధించింది. మెలాక్సికామ్ వంటి ప్రత్యామ్నాయాలు డాక్టర్ల దగ్గర ఉన్నాయి.

దూడ కోలుకున్నా, గట్టిపడిపోయిన ఊపిరితిత్తి భాగం మళ్లీ పూర్తిగా మామూలు స్థితికి రాకపోవచ్చు. అలాంటి పెయ్య ఎదుగుదలలో వెనకబడుతుంది, ఈతకు ఆలస్యమవుతుంది. అందుకే కొట్టం సంగతి చూడకుండా ఇంజెక్షన్ల మీద పెట్టే ఖర్చు సగం వృథా అని నా అభిప్రాయం.

ఆ ప్రాంతంలో కనిపించే ఒక కొట్టాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, ఏకవాలు రేకులు. మూడు వైపులా గోడ. తూర్పు ముఖం తెరిచి ఉంటుంది, అటు 9 అడుగుల ఎత్తు, వెనక 7 అడుగులు. మూడు ఆవులు, మూడు దూడలు. ముసురుకు తూర్పు వైపు పట్ట నేల దాకా దించేశారు. దూడలను వెనక మూలన కట్టారు. నేల వాలు కూడా అటే కాబట్టి ఆవుల ఉచ్చంతా వాటి కిందికే చేరుతుంది.

లోపల దూడ తల ఎత్తులో కూర్చుని కాసేపు గాలి పీల్చండి. కళ్లు మండితే, ముక్కు ఘాటెక్కితే దూడలు రాత్రంతా పీల్చేది అదే. నిలబడి చూస్తే ఆ ఘాటు అంతగా తెలియదు. తర్వాత ఒక అగరుబత్తి వెలిగించి అదే ఎత్తులో పట్టుకోండి. పొగ పక్కకు కొట్టుకుపోతే దూడ మీదికి ఈదురు తగులుతోంది. పైకి లేచి రేకు కింద గడ్డకట్టినట్టు నిలిచిపోతే గాలికి బయటికి దారి లేదు. మనకు కావలసింది దూడ దగ్గర గాలి నెమ్మదిగా ఉండి, దాని తలకు చాలా పైన పారుతూ ఉండడం.

అందుకు పట్టను పూర్తిగా తీసేయనక్కర్లేదు. ఆ రోజుల్లో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి తూర్పు పట్టను నేల నుంచి నాలుగడుగుల ఎత్తు వరకే బిగించి, పైభాగం వదిలేయండి. వాన లోపలికి కొడుతుంటే మధ్య భాగం కూడా కప్పినా, రేకు కింద కనీసం అడుగున్నర ఖాళీ ఉంచండి. వెనక గోడకూ రేకుకూ మధ్య ఇటుకలు తీసి అర అడుగు సందు ఇవ్వండి. అప్పుడు ముందు నుంచి వచ్చిన గాలి ఆవుల వీపుల మీదుగా వెనకకు దాటిపోతుంది, లోపలి చెమ్మను కూడా తీసుకుపోతుంది. రేకు అడుగున తెల్లవారి బొట్లు ఆగిపోయాయంటే పని జరిగినట్టే.

దూడలను వెనక మూల నుంచి లేపి, నేల ఎత్తుగా ఉన్న వైపు చేర్చండి. అక్కడ 8 అడుగులకు 6 అడుగుల చోటు మొరంతో ఎత్తు చేయండి. మూడు దూడలకు అది చాలు. ఆరడుగుల వెడల్పులో కాలువ వైపు నాలుగు అంగుళాల వాలు ఉంటే ఉచ్చ నిలవదు. ఆవుల కాలువ దూడల వైపు రాకుండా పక్కకు తిప్పండి. మొరం మీద అర అడుగు మందాన ఎండిన వరిగడ్డి వేయాలి. పడుకున్న దూడ కాళ్లు గడ్డిలో కనబడకుండా మునిగి ఉంటే మందం సరిపోయినట్టు. గడ్డి మీద మోకాళ్లు ఆనించి అర నిమిషం కూర్చోండి. పంచెకు తడి అంటితే ఆ చోట గడ్డి తీసేసి కొత్తది వేయండి. వాము పైపొరలో తడిసి బూజు పట్టిన గడ్డి వద్దు, ఆ దుమ్ము కూడా ఊపిరితిత్తులకు చేటే. ముసురులో దూడల చోటు నీళ్లతో కడగకండి, పార పెట్టి గీకి తీయండి.

దోమలకు వేపాకు పొగ వేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. మూసిన కొట్టంలో ఆ పొగ అమ్మోనియా కన్నా మేలేమీ చేయదు, కొట్టం బయట గాలివాటున వేసుకోండి. గోనెసంచిని కోటులా కుట్టి కప్పవచ్చు, పొడిగా ఉన్నంతసేపే. తడిసిన గోనె దూడ ఒంటి వేడిని లాగేస్తుంది. చలిరోజుల్లో ఒళ్లు వెచ్చగా ఉంచుకోవడానికే దూడకు అదనపు శక్తి కావాలి కాబట్టి, పాలు తగ్గించకుండా పూటకు ఇంకో పావు లీటరు కలపండి.

వాయుగుండం వార్త వినగానే రెండు పనులు ముందుగా చేసి పెట్టండి. వారానికి సరిపడా ఎండుగడ్డి తడవని చోటికి చేర్చండి, పట్ట పైన ఖాళీ ఉండేలా తాళ్లు సవరించండి. ముసురు పట్టాక రోజూ తెల్లవారి అర నిమిషం డొక్కలు లెక్కపెట్టండి. 50 దాటిన దూడను విడిగా, పొడిగా ఉంచి ఆ పూటే 1962కు ఫోన్ చేయండి.