5జీ గుర్తున్నా నెట్ నెమ్మదా? 4జీకి మార్చి చూడండి

భద్రాచలం నుంచి సుక్మా మీదుగా జగదల్‌పూర్ వెళ్లే బస్తర్ అడవి దారిలో ఫోన్‌పై 5జీ గుర్తు కనిపించినంత మాత్రాన వేగం వస్తుందన్న హామీ లేదు. ఎయిర్‌టెల్ 2022లో తెచ్చిన 5జీ, 4జీ ఆసరాతో నడిచే రకం. ఇందులో 4జీ టవర్ ‘ఇక్కడ 5జీ ఉంది’ అని చెప్పగానే కొన్ని ఫోన్లు గుర్తు చూపిస్తాయి. డేటా మాత్రం 4జీలోనే రావచ్చు.

పైగా 3.5 గిగాహెర్ట్జ్ తరంగాలు దూరానికి, చెట్లకు, గోడలకు త్వరగా బలహీనపడతాయి. అంచున ఉన్న ఫోన్ రెండు నెట్‌వర్క్‌ల మధ్య ఊగిసలాడుతూ, ఎక్కువ శక్తితో సిగ్నల్ పంపుతూ వేడెక్కుతుంది. బ్యాటరీ కరిగేది అందుకే.

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లోని సిమ్ విభాగంలో Preferred network typeను LTE లేదా 4G చేయండి. ఐఫోన్‌లో Voice & Data కింద ఇదే మార్పు చేయొచ్చు. కదలకుండా ఒకేచోట నిలబడి, రెండు మోడ్‌లలోనూ రెండేసి సార్లు స్పీడ్ టెస్ట్ చేయండి. 4జీలో వేగం నిలకడగా ఉంటే అలాగే ఉంచండి. రెండింటిలోనూ ఒకేలా నెమ్మదిస్తే టవర్‌పై రద్దీ ఉండొచ్చు, మోడ్ మార్చినా ఫలితం ఉండదు.

ఒక్క జాగ్రత్త: అన్‌లిమిటెడ్ 5జీ ప్లాన్లలోనూ 4జీ వాడకం రోజువారీ కోటాలోంచే పోతుంది. పట్టణానికి చేరాక మళ్లీ 5జీ పెట్టుకోండి.