ఎవరు ఎవరి చేతిలో పడ్డారు?

ఒక కంపెనీలో ఒకే ఉద్యోగం ఖాళీగా ఉందనుకుందాం. చివరి దశకు ఆరుగురు వచ్చారు. ఇంటర్వ్యూ చేసేవారు ముగ్గురు: భాస్కర్ గారు, పద్మ గారు, సలీం గారు. తీరిక లేక ఒక్కో అభ్యర్థిని ఇద్దరే చూశారు. స్కోర్‌కార్డులో పదికి ఇన్ని అని మార్కులు వేశారు. ఆ మార్కులు ఇవి:

| అభ్యర్థి | భాస్కర్ | పద్మ | సలీం | సగటు |
|---|---|---|---|---|
| సునీత | 6 | 8 | – | 7 |
| రమేష్ | 3 | 5 | – | 4 |
| కిరణ్ | – | 7 | 8 | 7.5 |
| లత | – | 6 | 7 | 6.5 |
| జోసెఫ్ | 2 | – | 5 | 3.5 |
| మీనా | 3 | – | 6 | 4.5 |

సగటు చూస్తే కిరణ్ మొదటి స్థానంలో ఉన్నాడు. చాలా చోట్ల ఉద్యోగం అతనికే ఇచ్చేస్తారు. కానీ సునీతనూ కిరణ్‌నూ ఇద్దరినీ చూసిన మనిషి ఒక్క పద్మ గారే. ఆమె సునీతకు 8, కిరణ్‌కు 7 వేశారు. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూసిన ఏకైక వ్యక్తి సునీతే మెరుగని చెబుతుంటే, సగటు కిరణ్ పేరు చెబుతోంది. సునీత రెండో ఇంటర్వ్యూ భాస్కర్ గారితో, కిరణ్ రెండో ఇంటర్వ్యూ సలీం గారితో జరిగింది. ఉద్యోగాన్ని తేల్చింది ఆ ఒక్క తేడాయే. దీన్ని అదృష్టమని సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే సరిదిద్దే దారి ఉంది.

వెంటనే తట్టే దారి ఒకటుంది. ఒక్కొక్కరు వేసిన మార్కుల సగటు తీసి, ఆ సగటుకంటే అభ్యర్థికి ఎంత ఎక్కువ పడింది, ఎంత తక్కువ పడింది అని చూడటం. భాస్కర్ గారి సగటు 3.5. పద్మ గారిది 6.5, సలీం గారిది కూడా 6.5. అంటే భాస్కర్ గారు మార్కులు పిండి పిండి వేసే మనిషి, మిగతా ఇద్దరూ ఒకే తీరు అనిపిస్తుంది. ఈ పద్ధతిలో సునీత మొదటికి వస్తుంది, సంతోషమే. కానీ లెక్క తప్పు. కిరణ్, లత ఇద్దరినీ పద్మ గారూ చూశారు, సలీం గారూ చూశారు. ఇద్దరి విషయంలోనూ సలీం గారు సరిగ్గా ఒక మార్కు ఎక్కువే వేశారు. మరి సగటులు ఎలా సమానమయ్యాయి? సలీం గారి దగ్గరికి వెళ్లిన నలుగురిలో జోసెఫ్, మీనా కాస్త బలహీనమైన అభ్యర్థులు. ఆయన ఉదారత్వాన్ని వాళ్ల బలహీనత కప్పేసింది. భాస్కర్ గారి విషయంలో దీనికి తిరగబడింది. సునీతకూ రమేష్‌కూ ఆయన పద్మ గారికంటే రెండేసి మార్కులే తక్కువ వేశారు. సగటు మాత్రం తేడా మూడు మార్కులని చూపిస్తోంది.

అసలు విషయమంతా ఇక్కడే ఉంది. ఒకరి సగటు తక్కువగా ఉందంటే ఆయన కఠినుడైనా కావచ్చు, ఆయనకు బలహీనులు తగిలి అయినా ఉండవచ్చు. ఆ రెంటినీ విడదీసి చెప్పగలిగింది ఉమ్మడి అభ్యర్థి, అంటే ఒకే మనిషిని ఇద్దరు చూసిన సందర్భం.

మన పట్టికలో ఉమ్మడి అభ్యర్థుల సాక్ష్యం అంతా ఒకే మాట చెబుతోంది. పద్మ గారిని కొలబద్దగా తీసుకుంటే భాస్కర్ గారు రెండు మార్కులు కింద, సలీం గారు ఒక మార్కు పైన ఉన్నారు. భాస్కర్ గారి మార్కులకు రెండు కలిపి, సలీం గారి మార్కుల్లోంచి ఒకటి తీసేస్తే సునీతకు 8, కిరణ్‌కు 7, లతకు 6, రమేష్, మీనాలకు చెరో 5, జోసెఫ్‌కు 4 వస్తాయి. ముడి సగటులో మీనా కంటే అర మార్కు వెనకబడిన రమేష్ ఇప్పుడు ఆమెతో సమానం.

నిజమైన స్కోర్‌కార్డులు ఇంత ముచ్చటగా కుదరవు. ఒకచోట రెండు మార్కుల తేడా ఉంటే ఇంకోచోట అర మార్కే ఉంటుంది. అప్పుడు మెల్లగా సర్దుకుంటూ పోవాలి. మొదట అభ్యర్థుల సగటులు తీయాలి. ఇంటర్వ్యూ చేసిన ఒక్కొక్కరూ ఆ సగటులకంటే ఎంత పైకో కిందికో వేశారో చూసి, ఆ తేడాల సగటును వారి కాఠిన్యంగా రాసుకోవాలి. దాన్ని మార్కుల్లో సర్ది, అభ్యర్థుల సగటులు మళ్లీ తీయాలి. అంకెలు కదలడం మానేవరకు ఇదే పని. మన పట్టికలో మొదటి విడతకే భాస్కర్, పద్మ గార్ల మధ్య తేడా 1.5 అని తేలుతుంది, రెండో విడతలో దాదాపు 1.9కి చేరుతుంది, ఆ తర్వాత రెండు దగ్గర నిలబడుతుంది. పరీక్షల కొలతలను చదువుగా చేసుకున్నవారు ఇదే ఆలోచనను చాలా దూరం తీసుకెళ్లారు. జాన్ మైకేల్ లినాకర్ 1989లో మెనీ ఫాసెట్ రాష్ పద్ధతి మీద పుస్తకం వెలువరించారు. అందులో అభ్యర్థి సామర్థ్యమూ మార్కులు వేసేవారి కాఠిన్యమూ ఒకే కొలబద్ద మీదికి వస్తాయి.

ఈ చిక్కు మన దేశంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది రాత పరీక్ష వివాదం. ఉత్తరప్రదేశ్‌లో సివిల్ జడ్జి నియామకాలకు జరిగిన పరీక్షలో ఒకే సబ్జెక్టు జవాబు పత్రాలను చాలామంది దిద్దారు. కఠినంగా దిద్దేవారికీ ఉదారంగా దిద్దేవారికీ మధ్య తేడాను సరిచేయాలని సర్వీస్ కమిషన్ ‘స్కేలింగ్’ సూత్రం వాడింది. అంటే ఒక్కొక్కరు వేసిన మార్కుల సగటునూ వ్యాప్తినీ ఒకే మట్టానికి తేవడం. సంజయ్ సింగ్ కేసులో 2007లో కోర్టు దాన్ని తప్పుపట్టింది. అందరూ రాసే ఉమ్మడి సబ్జెక్టుకు తగినది మోడరేషన్ అని చెప్పింది. మోడరేషన్‌లో ప్రధాన పరీక్షకుడు ప్రతి ఒక్కరూ దిద్దిన కట్టలోంచి కొన్ని పత్రాలు తీసి తానూ దిద్ది చూస్తాడు. ఆ పత్రాలే మనం చెప్పుకున్న ఉమ్మడి అభ్యర్థులు.

జవాబు పత్రాన్ని రేపు మళ్లీ దిద్దవచ్చు. ఇంటర్వ్యూను మళ్లీ చూడలేం. కాబట్టి ఉమ్మడి చూపును ముందే ఏర్పాటు చేసుకోవాలి. ఉదయం వచ్చినవారందరినీ ఒకరు, మధ్యాహ్నం వచ్చినవారందరినీ మరొకరు చూస్తే రెండు గుంపుల మధ్య వంతెన ఉండదు. ఆ తర్వాత ఏ సూత్రం తెచ్చినా లాభం లేదు. జంటలను మార్చి మార్చి కూర్చోబెట్టాలి. ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే మార్కులు విడివిడిగా రాసి ఇచ్చేయాలి. చర్చ అయ్యాక రాసిన మార్కులు ఒకే అంకె దగ్గరికి చేరిపోతాయి. అప్పుడు కాఠిన్యం అసలు కనిపించదు.

సర్దుబాటులోనూ అతి పనికిరాదు. ఒకరు ఇద్దరినే చూసి తక్కువ వేశారని ఆయనను కఠినుడనడం తొందరపాటు. చూసిన సంఖ్య తక్కువైతే తేల్చిన కాఠిన్యంలో సగమే సర్దడం, సంఖ్య పెరిగేకొద్దీ పూర్తి సర్దుబాటుకు చేరడం మంచిది. అందరికీ ఏడే వేసేవారి కార్డుకు ఏ సర్దుబాటూ పనిచేయదు, ఎందుకంటే అందులో అభ్యర్థుల మధ్య తేడా చెప్పే సమాచారమే లేదు.

వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టేది మరొకటి. అందరి మీదా సమానంగా కఠినంగా ఉండేవారిని ఈ లెక్క సరిచేస్తుంది. పల్లె నుంచి వచ్చినవారి మీదో, ఆడవాళ్ల మీదో, ఇంగ్లీషు తడబడేవారి మీదో మాత్రమే కఠినంగా ఉండేవారిని సరిచేయలేదు. వారి సగటు కాఠిన్యాన్ని అందరికీ సమంగా పంచి, అన్యాయాన్ని అలాగే ఉంచేస్తుంది. సర్దిన తర్వాత మిగిలిపోయే తేడాలను వర్గాలవారీగా చూస్తేనే అది బయటపడుతుంది. ఒక్క పట్టికతో తేలదు, కొన్ని నెలల కార్డులు కలిపి చూడాలి.

ఇక చెరో 5 దగ్గర ఆగిన రమేష్, మీనాల సంగతి. ఒక్కొక్కరికి రెండేసి ఇంటర్వ్యూలే జరిగాయి. వారిద్దరినీ చూసిన భాస్కర్ గారు కూడా చెరో 3 వేశారు. ఇంత తక్కువ సాక్ష్యంతో దశాంశాల్లోకి వెళ్లి ఒకరిని ముందు పెట్టడం న్యాయం కాదు. ఇద్దరిలో ఒకరినే పిలవాల్సి వస్తే, ఇద్దరినీ ఇంతవరకు చూడని మరో మనిషి, ఒకే ప్రశ్నలతో, ఇద్దరినీ చూడాలి.