ప్రీఫిల్టర్‌తో ఓవర్‌షూట్ నివారణ

గత భాగంలో పోల్‌లు వాస్తవ సంఖ్యలైతే ఓవర్‌షూట్ రాదని మీరు చదివారు. అది జీరో లేని వ్యవస్థకే వర్తిస్తుంది. ఈ ఉదాహరణ చూడండి.

ఒక ట్యాంకు నుంచి పంపు స్థిరమైన రేటుతో నీటిని తోడుతోంది. లోపలికి వచ్చే నీటిని కంట్రోలర్ మారుస్తుంది. ప్లాంట్ `G(s) = 1/s`, పి.ఐ. కంట్రోలర్ `C(s) = 2 + 1/s`, కాలం నిమిషాల్లో ఉందనుకుందాం. అప్పుడు క్లోజ్డ్ లూప్ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్:

`T(s) = (2s + 1)/(s + 1)²`

రెండు పోల్‌లూ −1 వద్దే ఉన్నాయి. అయినా సెట్‌పాయింట్‌ను 1 మీటరు పెంచితే `y(t) = 1 + (t − 1)e^(−t)` వస్తుంది. 2వ నిమిషంలో మట్టం 1.135 మీటర్లకు చేరుతుంది. అంటే ఓవర్‌షూట్ 13.5 శాతం. ట్యాంకు అంచు దగ్గర ఉంటే నీరు పొర్లిపోతుంది.

కారణం

కొత్త మట్టం వద్ద కూడా పంపు తోడే నీరు పాతంతే. కనుక ఇంటిగ్రల్ భాగం చివరికి తన పాత విలువకు తిరిగి రావాలి. మొదట పోగైన ధన ఎర్రర్‌ను రుణ ఎర్రర్ రద్దు చేయాలి. రుణ ఎర్రర్ అంటే ఓవర్‌షూటే. గెయిన్‌లను ఎలా మార్చినా దీన్ని పూర్తిగా తొలగించలేము.

పరిష్కారం

సెట్‌పాయింట్‌కూ, ఎర్రర్‌ను లెక్కించే బిందువుకూ మధ్య `F(s) = 1/(2s + 1)` అనే ప్రీఫిల్టర్‌ను ఉంచండి. జీరో రద్దయి `F·T = 1/(s + 1)²` మిగులుతుంది. ఇప్పుడు `y(t) = 1 − (1 + t)e^(−t)`. ఇది ఎప్పుడూ 1ని దాటదు.

పంపు అకస్మాత్తుగా ఎక్కువ నీటిని తోడితే ఏమవుతుంది? ఆ డిస్టర్బెన్స్ నుంచి మట్టానికి ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ పరిమాణం `G/(1 + GC) = s/(s + 1)²`. ఇందులో F లేదు. ప్రమాణ స్టెప్‌కు మట్టం 1వ నిమిషంలో గరిష్ఠంగా 0.37 మీటర్లు తగ్గి, తిరిగి కోలుకుంటుంది. ప్రీఫిల్టర్ ఉన్నా లేకున్నా ఇంతే.

దీనికి మూల్యం, ఆరంభం నెమ్మదించడం. ప్రీఫిల్టర్ లేనప్పుడు 1 నిమిషంలోనే మట్టం లక్ష్యాన్ని తాకుతుంది. ఉన్నప్పుడు అప్పటికి 0.26 మీటర్లే పెరుగుతుంది. అయితే 2 శాతం పరిధిలో స్థిరపడే కాలం 5.4 నుంచి 5.8 నిమిషాలకు మాత్రమే పెరుగుతుంది.

జాగ్రత్త

ఇదే ఫిల్టర్‌ను పొరపాటున ఎర్రర్ బిందువు తర్వాత, లూప్ లోపల ఉంచకండి. అప్పుడు లూప్ గెయిన్ `1/s²` అవుతుంది. లక్షణ సమీకరణం `s² + 1 = 0` కాబట్టి మట్టం ఆగకుండా డోలనం చేస్తుంది. సెట్‌పాయింట్‌ను కదపకుండా డిస్టర్బెన్స్ ఇచ్చి చూడండి. ప్రతిస్పందన మునుపటిలాగే ఉంటే ఫిల్టర్ సరైన చోట ఉన్నట్లు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

`C(s) = 3 + 2/s` అయితే, ఇదే ప్లాంట్‌కు ప్రీఫిల్టర్ ఏది?

జవాబు: `F(s) = 2/(3s + 2)`. లవంలో 1 రాస్తే ఓవర్‌షూట్ పోతుంది గానీ, మట్టం సెట్‌పాయింట్‌లో సగం వద్దే నిలిచిపోతుంది. కాబట్టి `F(0) = 1` అయిందో లేదో తప్పక చూడండి.