అటూ ఇటూ ఊగే షేరులో స్వింగ్ ట్రేడింగ్

ఉదాహరణకు ఒక షేరు మూడు నెలలుగా 400, 440 రూపాయల మధ్యే తిరుగుతోందనుకుందాం. ఇలాంటి చోట ఆర్‌ఎస్‌ఐ అనే సూచీ బాగా పనికొస్తుంది. 1978లో వెల్స్ వైల్డర్ పరిచయం చేసిన ఈ సూచీ, 14 రోజుల పెరుగుదలను, తగ్గుదలను పోల్చి 0 నుంచి 100 లోపు అంకె ఇస్తుంది.

ధర 400 దగ్గరికి దిగి, ఆర్‌ఎస్‌ఐ 35 కిందికి పోయి, తిరిగి పైకి దాటిన రోజు 406కి కొన్నామనుకోండి. అమ్మే ధరలు అప్పుడే రాసిపెట్టుకోవాలి. లాభానికి 433, నష్టానికి 394. 440 దాకా ఆగితే చాలాసార్లు చేతికందిన లాభం జారిపోతుంది, అమ్మేవాళ్లంతా అక్కడే కాచుకుని ఉంటారు. షేరుకు 12 రూపాయల నష్టభయం, 27 రూపాయల లాభం ఆశ. ఒక ట్రేడ్‌లో 2,400 రూపాయలకు మించి పోగొట్టుకోకూడదంటే 200 షేర్లే కొనాలి. మర్నాడు ధర ఒక్కసారిగా కిందే తెరుచుకుంటే మాత్రం నష్టం అంతకు మించవచ్చు.

అసలు ప్రమాదం పరిధి తెగినప్పుడే. ధర 390కి పడితే ఆర్‌ఎస్‌ఐ 25 చూపిస్తుంది, చవకగా దొరుకుతోందనిపిస్తుంది. కానీ పతనం మొదలైతే ఆ అంకె వారాల తరబడి కిందే ఉండగలదు. అందుకే నియమం ముందే ఉండాలి: వరుసగా రెండు రోజులు ముగింపు ధర 400 కింద గానీ 440 పైన గానీ ఉంటే, లేదా 20 రోజుల సగటుకు రెట్టింపు వాల్యూమ్‌తో ఒక్కరోజు బయట ముగిసినా, ఈ పద్ధతి ఆ షేరుకు ఇక చెల్లదు. ఆ తర్వాత ఆర్‌ఎస్‌ఐ ఎంత ఊరించినా అక్కడ కొనకండి.