పీరియడ్స్ ఆగిపోయాయా? అది ఫిట్‌నెస్ కాదు!

మన సిక్కోలు ఆడపడుచు కరణం మల్లీశ్వరి తర్వాత ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మెడల్ తెచ్చిన మీరాబాయి చాను గుర్తుందిగా? 2024 పారిస్‌లో ఆమె మొత్తం 199 కిలోలు ఎత్తి నాలుగో స్థానంలో ఆగిపోయింది. కాంస్యం 200 కిలోలకు వెళ్లింది. ఆ రోజు తనకు పీరియడ్స్ మూడో రోజని, శరీరం మీద దాని ప్రభావం కొంత ఉంటుందని ఆమె దాపరికం లేకుండా చెప్పింది.

మరి నిజంగా ఎంత తేడా వస్తుంది? 2020లో 78 పరిశోధనలను కలిపి చూస్తే, పీరియడ్స్ తొలి రోజుల్లో పెర్ఫార్మెన్స్ సగటున చాలా కొద్దిగానే తగ్గుతోందని తేలింది. కానీ సగటు వేరు, మనిషి వేరు. ఒకమ్మాయికి ఏమీ అనిపించదు, ఇంకొకరు నొప్పితో లేవలేరు. అందుకే ఎవరి లెక్క వాళ్లే రాసుకోవాలి. పీరియడ్ తేదీ, నిద్ర, నొప్పి, ఆ రోజు పరుగు టైమ్.. మూడు నెలలు నోట్ చేస్తే మీ ప్యాటర్న్ మీకే కనిపిస్తుంది.

అసలు ప్రమాదం పీరియడ్స్ రావడంలో లేదు, రాకపోవడంలో ఉంది. మా వజ్రపుకొత్తూరు తీరంలో పోలీస్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసే ఒకమ్మాయి ఉందనుకుందాం. బరువు 50 కిలోలు, అందులో కొవ్వు పోగా 40. సన్నబడాలని రోజుకు 1400 కేలరీలే తింటోంది. పరుగుకి 400 ఖర్చయితే శరీరానికి మిగిలేది 1000. అంటే కొవ్వు కాని ఒక్కో కిలోకి 25 కేలరీలు. 45 దాకా ఉంటే మంచిది. 30 కంటే తగ్గితే చాలామందిలో హార్మోన్లు దెబ్బతింటాయి. ఇది అందరికీ ఒకేలా వర్తించే గీత కాదు గానీ, హెచ్చరిక మాత్రం గట్టిదే.

ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆన్ అయినట్టే, శరీరం కూడా ముందు పీరియడ్స్‌ని ఆపేస్తుంది. ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు బలహీనపడతాయి. రోజూ పరిగెత్తే కాలి ఎముకలో సన్నని పగులు వస్తుంది. దాన్నే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. ముంగాలి ఎముక మీద ఒకే చోట వేలితో నొక్కితే నొప్పి, ఒంటికాలి మీద గెంతితే నొప్పి ఉంటే అనుమానించాలి. వెంటనే పరుగు ఆపి ఎముకల డాక్టర్‌కి చూపించండి. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు, కాబట్టి రిపోర్ట్ నార్మల్ అని మళ్లీ పరుగు మొదలుపెట్టొద్దు.

ఆ అమ్మాయికి కావాల్సింది రోజుకు దాదాపు 2200 కేలరీలు. పొద్దున్నే చోడి అంబలి, పరుగు అవ్వగానే అరటిపండు, గుడ్లు, గుప్పెడు జీడిపప్పు, మధ్యాహ్నం అన్నంలోకి చేప.. ఇలా మనూళ్లో దొరికేవాటితోనే సరిపెట్టుకోవచ్చు.

మూడు నెలలు వరుసగా పీరియడ్స్ రాకపోతే మాత్రం 'ట్రైనింగ్ వల్లేలే' అని వదిలేయొద్దు. గర్భం, థైరాయిడ్, పీసీఓఎస్ లాంటి కారణాలు కూడా ఉండొచ్చు. ఏదన్నది గైనకాలజిస్ట్ తేల్చాలి.