‘చేసింది’ అంటే ఏం చేసినట్టు?

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. చదివేవాళ్ళ చెవి ఆగేది అక్కడే. ఇంగ్లీషు కథలు దిద్దేవాళ్ళు గెట్, మేక్, డూ లాంటి మాటలు వెతికి తీసేయమని చెబుతుంటారు కానీ, ఆ భాషలో అవి వాక్యం మధ్యలో సర్దుకుని కూర్చుంటాయి. మన దగ్గర ‘చేసింది’, ‘అయింది’, ‘జరిగింది’ వరసగా వాక్యాల చివర పడితే పేరా అంతా ఒకే తాళంతో నడుస్తుంది. కాబట్టి ఆ జబ్బు తెలుగు కథలో ఇంకా గట్టిగా వినబడుతుంది. వినబడటం కంటే పెద్ద నష్టం మరొకటి ఉంది: మనిషి ఏదో చేసిందని తెలుస్తుంది గానీ చేస్తూ కనబడదు.

ఒక చిత్తుప్రతిలోని పేరా తీసుకుందాం. ఈ వ్యాసం కోసం రాసిందే అయినా, ఇలాంటి పేరాలు కథల పోటీలకు వచ్చే ప్రతుల్లో కొల్లలు.

“కొడుకు వస్తున్నాడని తెలిసి నరసమ్మ పొద్దున్నే లేచి ఇల్లు శుభ్రం చేసింది. స్నానం చేసి వంట మొదలుపెట్టింది. బియ్యం శుభ్రం చేసి అన్నం చేసింది. పచ్చడి చేసింది. కొడుకు వచ్చి భోజనం చేశాడు. తర్వాత పొలం అమ్మకం గురించి ప్రస్తావన చేశాడు. నరసమ్మకు కోపం వచ్చింది. ఏమీ మాట్లాడకుండా గిన్నెలు శుభ్రం చేసింది.”

తప్పు వాక్యం ఒక్కటీ లేదు. కానీ ‘చేయు’ ఎనిమిది చోట్ల ఉంది. వాటిలో ‘శుభ్రం చేయడం’ మూడుసార్లు వచ్చింది, మూడూ మూడు వేర్వేరు పనులు. మొదట ఇంటిదాన్ని చూద్దాం. నరసమ్మ ఇల్లు ఊడ్చిందా, తుడిచిందా, కడిగిందా, అలికిందా? అలికింది అంటే మట్టి నేల, పేడ నీళ్ళు. కడిగింది అంటే గచ్చు నేలో, నాపరాళ్ళో. తుడిచింది అంటే నున్నటి టైల్స్ మీద తడిగుడ్డ. క్రియ ఎంచుకున్న మరుక్షణం ఇంటి నేల ఏమిటో తేలిపోతుంది, ఆ నేలను బట్టి ఆ ఇంటి ఆర్థిక స్థితీ కొంత తెలుస్తుంది. ‘అది ఒక పాత మట్టి ఇల్లు’ అని వేరే వాక్యం రాయనక్కర్లేదు. మరి రచయితకు ఆ నేల ఏమిటో తెలియకపోతే? అప్పుడు ‘శుభ్రం చేసింది’ అనే రాస్తాడు. మాట దొరకనప్పటికంటే, చూడాల్సింది ఇంకా చూడనప్పుడే ఈ క్రియ ఎక్కువగా పడుతుందని నా నమ్మకం.

బియ్యం సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చేటలో వేసి ఊక, నూక ఎగరేస్తే చెరగడం. జల్లెడ పడితే జల్లించడం. వేళ్ళతో రాళ్ళూ మట్టిబెడ్డలూ తీస్తే ఏరడం. నీళ్ళు పోసి వంపితే కడగడం. సంచిలో కొనుక్కొచ్చిన సన్నబియ్యానికి ఇవాళ కడగడం తప్ప మిగతావాటి అవసరం పెద్దగా ఉండదు. నరసమ్మ బియ్యం చెరిగిందంటే అవి సొంత పొలంలో పండి, ఊళ్ళో మిల్లులో ఆడించుకొచ్చినవి అయి ఉండాలి. కథలో కొడుకు అమ్ముదామంటున్నది ఏ పొలాన్ని? ఆ బియ్యం పండిన పొలాన్నే. చేటలో ఉన్నదీ, తగాదా పడుతున్నదీ ఒకటే అయింది. మొదటి ప్రతిలో ఈ ముడి లేదు. ‘శుభ్రం చేసి’ దగ్గర ఆగి, ఎలా అని అడిగినందుకు వచ్చింది.

అన్నం వండింది అనవచ్చు, వార్చింది అనవచ్చు. వార్చింది అంటే గిన్నె వంచి గంజి తీస్తున్న పొయ్యి దగ్గరి మనిషి. అక్కడ కుక్కరు కూత వినబడదు. పచ్చడి రోట్లో అయితే నూరుతుంది. మిక్సీ ఉంటే మిక్సీ పడుతుంది. కారం, పొడులు అయితే దంచుతుంది. మినప్పిండి అయితే రుబ్బుతుంది. ఇవి ఒకదాని బదులు ఒకటి వాడుకునే మాటలు కావు. నేల అలికే ఇంట్లో రోలు ఉంటుంది కాబట్టి ఇక్కడ నూరడం సరిపోతుంది.

‘స్నానం చేసి’ మాత్రం జాగ్రత్తగా ముట్టుకోవాల్సిన చోటు. పల్లె నుడికారం కావాలని ‘నీళ్ళు పోసుకుంది’ అని మారిస్తే కొంప మునుగుతుంది. ‘నీళ్ళోసుకుంది’ అంటే నెల తప్పిందని కూడా అర్థం. ఎదిగిన కొడుకున్న నరసమ్మ గురించి అలా రాస్తే పాఠకుడు వేరే కథ చదవడం మొదలుపెడతాడు. ‘తలంటుకుంది’ అంటే పండగో శుభకార్యమో గుర్తొస్తుంది. ఇక్కడ ‘స్నానం చేసి’ని అలాగే ఉంచడమే మేలు.

ఏది మార్చాలో, ఏది ఉంచాలో తేల్చుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ‘చేసింది’ ముందున్న మాట పని పేరా, వస్తువు పేరా చూడాలి. ప్రస్తావన, ప్రయాణం, ఆలోచన, రోదన లాంటివి పని పేర్లు. అసలు క్రియ వాటి లోపలే దాక్కుంది. బయటికి లాగితే ప్రయాణం చేశాడు ‘వెళ్ళాడు’ అవుతుంది, రోదన చేసింది ‘ఏడ్చింది’ అవుతుంది. అన్నం, పచ్చడి, బియ్యం వస్తువుల పేర్లు. అక్కడ చెయ్యి ఆ వస్తువుతో ఏం చేసిందో అడగాలి. ఇక పోపు పెట్టడం, దీపం పెట్టడం, ముగ్గు వేయడం, ఫోన్ చేయడం లాంటివాటిలో పెట్టు, వేయు, చేయు అనేవే అసలు మాటలు. వాటికి బదులు వెతికితే భాష వంకర పోతుంది.

ఇప్పుడు కొడుకు. ‘భోజనం చేశాడు’ మర్యాదైన మాట. చుట్టం గురించో పెద్దాయన గురించో అయితే అదే సరైనది. తల్లి పెట్టింది కొడుకు తింటున్నప్పుడు దూరం నుంచి మాట్లాడినట్టు ఉంటుంది. తిన్నాడు, లాగించాడు, మింగాడు, మెతుకులు కెలికాడు: నాలుగూ నాలుగు మనసులు. లాగించినవాడికి పొలం అమ్మకం గురించి బెరుకు లేదు. కెలికినవాడు మాట ఎలా మొదలుపెట్టాలా అని లోపల కొట్టుకుంటున్నాడు. ఏ క్రియ రాయాలన్నది నిఘంటువు చెప్పదు, ఆ కొడుకు ఎలాంటివాడో తెలిసిన రచయితే చెప్పాలి. ఇద్దరిలో ఎవరినైనా రాయవచ్చు, కానీ అవి రెండు వేర్వేరు కథలు. ‘ప్రస్తావన చేశాడు’కు నాలుక మీద ఉన్న మాట ‘మాట ఎత్తాడు’.

కోపం దగ్గర దారి మారుతుంది. తెలుగులో కోపం వస్తుంది, భయం వేస్తుంది, బాధ కలుగుతుంది. అవి మనిషి చేసే పనులు కావు, మనిషికి వచ్చిపడేవి. అందుకే ‘నరసమ్మకు’ అంటాం. ‘వచ్చింది’ని తీసి ‘ముంచుకొచ్చింది’ అనో ‘కట్టలు తెంచుకుంది’ అనో రాస్తే శబ్దం పెరుగుతుంది తప్ప నరసమ్మ కోపం తెలియదు. ఇలాంటి చోట క్రియ మార్చకుండా వాక్యమే తీసేసి, ఆ కోపంతో ఆమె చేతులు ఏం చేశాయో రాయడం మంచిది. మన పేరాలో ఆ పని సిద్ధంగానే ఉంది: గిన్నెలు.

దిద్దిన ప్రతి ఇలా వచ్చింది.

“కొడుకు వస్తున్నాడని నరసమ్మ చీకటితోనే లేచి ఇల్లు అలికింది. స్నానం చేసి పొయ్యి రాజేసింది. చెరువు కింద మడిలో పండిన బియ్యం చెరిగి, మట్టిబెడ్డలు ఏరి, ఎసట్లో పోసింది. అన్నం ఉడికేలోగా గోంగూర పచ్చడి నూరింది. బస్సు దిగి వచ్చిన కొడుకు కంచం ముందు కూర్చుని చాలాసేపు మెతుకులు కెలికాడు. చివరికి పొలం మాట ఎత్తాడు. నరసమ్మ గిన్నెలు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది.”

ఎనిమిదింటిలో ఒక ‘చేసి’ మిగిలింది. చివర్లో ‘తోమిన’, ‘తోమింది’ అని ఒకే క్రియ రెండుసార్లు వచ్చింది, కావాలనే. అక్కడ ‘తోమిన గిన్నెనే మళ్ళీ రుద్దింది’ అని మారిస్తే చేసిన పనినే చేస్తోందన్న సంగతి పలచబడుతుంది. చదువుకునే రోజుల్లో మాట తిరిగి రాకూడదని మనకు నేర్పిన నియమం కథకు ఎప్పుడూ వర్తించదు.

ఈ పనికి చిత్తుప్రతి పూర్తయ్యాక కూర్చోవాలి. రాస్తూ రాస్తూ చేస్తే కథ ముందుకు నడవదు. కాగితం మీదైతే ప్రతి వాక్యం చివరి క్రియ కింద గీత గీసి, గీతలున్న మాటలు మాత్రమే పైకి చదవాలి. కంప్యూటర్‌లో వెతికేటప్పుడు ఒక చిక్కు ఉంది. ‘చేసింది’లో స ఉంటుంది, ‘చేశాడు’లో శ ఉంటుంది, ‘చేయడం’లో య వస్తుంది. అందుకని ‘చేస’, ‘చేశ’, ‘చేయ’, ‘చెయ్య’ అని విడివిడిగా వెతకాలి. ఒక్క ‘చే’ అని కొడితే చేను, చేప, చేతులు కూడా వచ్చిపడతాయి.

ఇంగ్లీషు క్రియలన్నీ తెలుగులోకి ‘చేయు’, ‘అవు’ల చెయ్యి పట్టుకునే వస్తున్నాయి: వెయిట్ చేశాడు, కట్ చేసింది, ఫీలయ్యాడు. పాత్రల మాటల్లో వీటిని వదిలేయాలి. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు “వెయిట్ చేస్తున్నానమ్మా” అనే అంటాడు. అతని చేత “నిరీక్షిస్తున్నాను” అనిపిస్తే అబద్ధం. కథ చెప్పే గొంతు మాత్రం ఉల్లిపాయలు ‘కట్ చేసింది’ అననక్కర్లేదు, తరిగింది ఉంది. అలాగే ‘అన్నాడు’, ‘అంది’ జోలికి పోవద్దు. అవి బలహీనంగా ఉండటమే వాటి ఉపయోగం. మాట మీదికి దృష్టి పోనిచ్చి అవి పక్కకు తప్పుకుంటాయి. ప్రతి సంభాషణకూ ఉద్ఘాటించాడు, వాపోయింది, గర్జించాడు అని తగిలిస్తే పాఠకుడు మాటలు వినడం మానేసి ఆ క్రియలనే చూస్తాడు.

సరైన మాట తెలియనప్పుడు పర్యాయపద నిఘంటువు కంటే ఆ పని చేసేవాళ్ళు ఎక్కువ ఉపయోగపడతారు. పుస్తకాల్లో వెతకాలంటే భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం ఉంది. వ్యవసాయ పదాలతో తొలి సంపుటం 1962లో వచ్చింది, తర్వాత చేనేత పదాలతో మరొకటి. ఏ మాట ఏ ప్రాంతంలో వాడతారో కూడా అందులో దొరుకుతుంది, కథకు అది ముఖ్యం. నేల విషయంలో కోస్తాలో ఎక్కువగా ఊడుస్తారు, తెలంగాణలో ఊకుతారు, నెల్లూరు, రాయలసీమ వైపు చిమ్ముతారు. నరసమ్మది కరీంనగర్ వైపు ఊరైతే ఆమె వాకిలి ఊకి సాన్పి చల్లాలి, పెరట్లో బోళ్ళు తోమాలి. గోదావరి పక్కదైతే కళ్ళాపి చల్లి అంట్లు తోముతుంది. ఒకే పేరాలో ఊకి, ఆ వెంటనే కళ్ళాపి చల్లితే, ఒక్కో క్రియా సరైనదే అయినా నరసమ్మకు ఊరు లేకుండా పోతుంది.