శుభలేఖలో పాత పేరు మిగలకుండా

పెళ్లిళ్ల సీజన్లో శుభలేఖలు వేసే ప్రెస్సుకు వెళ్లి చూడండి. ప్రతి కార్డూ కొత్తదే, కానీ అందులో చాలా మాటలు పాతవే. అందుకే ఆపరేటర్ పోయినవారం వేసిన కార్డు తెరిచి, ‘సేవ్ యాజ్’ కొట్టి, పేర్లు మార్చడం మొదలుపెడతాడు. చూడ్డానికి ఇదే టెంప్లేటు అనిపిస్తుంది. నిజానికి పొరపాట్లన్నీ పుట్టేది ఇక్కడే. పాత కార్డులో ఉన్నవన్నీ చక్కటి పేర్లు, చక్కటి తేదీలు. వాటిలో ఒకటి మార్చడం మరిచిపోయినా కంటికి ఆనదు. పైన వధువు తండ్రి పేరు మారుతుంది, కింద ఆహ్వానించేవారి దగ్గర పాత ఇంటిపేరు అలాగే ఉండిపోతుంది.

అసలైన టెంప్లేటులో పాత పెళ్లి జాడే ఉండకూడదు. మారని మాటలు మాత్రం ఉంచి, మారే ప్రతి చోటా ఎర్రటి గళ్లు పెట్టాలి: ■■■■. నమూనాకని అక్కడ ‘రామారావు’ అని రాశారో, ఎవరి పెళ్లికార్డులోనో ఆ రామారావు అచ్చయిపోతాడు. ఖాళీ ఎంత వికారంగా ఉంటే అంత మంచిది. నింపడం మరిచిపోతే ప్రూఫులో ఎర్రగా కనబడి తీరుతుంది.

ఏది మారదో, ఏది మారుతుందో తేల్చుకోవడంలోనే ఉంది కష్టమంతా. సంవత్సరం పేరు మారదనుకుని టెంప్లేటులో ‘విశ్వావసు’ అని గట్టిగా నాటేశారనుకోండి. 2026 మార్చి 19 ఉగాదితో పరాభవ వచ్చింది. ఉగాది తర్వాతి పెళ్లిళ్ల కార్డులు ఉగాదికి ముందే అచ్చుకు వస్తాయి కదా! అంటే ఏడాదికోసారి మార్చుకుంటే సరిపోదు. సంవత్సరం పేరూ ఎర్రగడిలోకి వెళ్లాల్సిందే.

అన్నిటికన్నా చిక్కు రాత్రి ముహూర్తంతో. ఉదాహరణకు పెళ్లి 2026 ఫిబ్రవరి 19 గురువారం రాత్రి 2-47కి. గడియారం లెక్కన అప్పటికి 20వ తేదీ, శుక్రవారం. పంచాంగం లెక్కన వారం మారేది సూర్యోదయానికి, కాబట్టి అది ఇంకా గురువారమే. కార్డులో ఉత్త ‘20వ తేదీ శుక్రవారం రాత్రి 2-47’ అని పడితే చుట్టాలు శుక్రవారం సాయంత్రం బస్సు దిగుతారు. అప్పటికి అప్పగింతలు కూడా అయిపోయి ఉంటాయి. ఈ వాక్యాన్ని ఆపరేటర్ ప్రతిసారీ సొంతంగా అల్లకూడదు. పగటి ముహూర్తానికొకటి, రాత్రి ముహూర్తానికొకటి రెండు వాక్యాలు ముందే రాసిపెట్టుకోవాలి. రెండోది ఇలా: ‘■■వ తేదీ ■■వారం రాత్రి (తెల్లవారితే ■■వారం) గం. ■-■■ ని.లకు’. అతని పని సరైనది ఎంచుకుని గళ్లు నింపడమే. ఆర్డరు ఫారంలో కూడా ‘ముహూర్తం’ అని ఒక్క గీత గీసి వదలకుండా, ‘చుట్టాలు ఏ రోజు సాయంత్రానికి చేరాలి?’ అని అడిగితే తికమక కౌంటరు దగ్గరే తేలిపోతుంది.

ఇంత చేసినా టెంప్లేటు పట్టుకోలేనివి కొన్ని మిగులుతాయి. చెక్‌లిస్టు వాటికోసమే. తేదీకీ వారానికీ పొంతన ఉందా, క్యాలెండరు చూడాలి. కీర్తిశేషులైనవారి పేరు ముందు ‘కీ.శే.’ పడిందా, బతికున్నవారికి పడలేదు కదా? వాట్సాప్‌లో వచ్చిన పేర్లను డీటీపీ ఫాంటులోకి మార్చినప్పుడు ఒత్తులు విరిగాయా? కార్డు మీద పేర్లూ కవరు మీద పేర్లూ ఒకటేనా? ఇలాంటివి ఐదారు చాలు. ఇరవై రాస్తే ఎవరూ చదవరు.

ఎప్పుడు చూడాలన్నదీ ముందే అనుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపరేషన్ థియేటర్లకు ఇచ్చిన చెక్‌లిస్టులో 19 అంశాలున్నాయి, కానీ వాటిని మూడుచోట్ల ఆగి చూడమంటారు: మత్తు ఇవ్వబోయే ముందు, కోత పెట్టబోయే ముందు, రోగిని బయటికి తీసుకెళ్లే ముందు. ప్రెస్సులో ఆగాల్సిన చోటు ఒక్కటే, ప్లేటు తీయబోయే ముందు. ఆ తర్వాత తప్పు కనబడితే కాగితం ఖర్చు ప్రెస్సుదే.

టైపు చేసినవాడే సరిచూస్తే, తను కొట్టిందే తనకు కనబడుతుంది. కస్టమరు చేతిరాత కాగితాన్ని ఒకరు పైకి చదవాలి, ప్రూఫును ఇంకొకరు చూడాలి. అలా చదవకుండా టిక్కులు మాత్రం పెట్టేస్తుంటే కూడా తెలుసుకోవచ్చు. అన్ని కార్డులకూ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో సాయంత్రం కూర్చుని కొట్టిన టిక్కులు చూడగానే దొరికిపోతాయి.

ఇక పాడైన ప్రూఫులను పారేయకుండా ఒక ఫైల్లో పెట్టి, నెలకోసారి తిరగేయాలి. దొరికిన ప్రతి తప్పునూ ముందు టెంప్లేటులోనే అరికట్టగలమా అని చూడాలి. అక్కడ కుదరకపోతేనే చెక్‌లిస్టుకెక్కించాలి. ఎన్నాళ్లుగానో ఒక్క తప్పూ పట్టని అంశాన్ని కొట్టేయవచ్చు. ‘కీ.శే.’ని మాత్రం ఎన్నేళ్లయినా తీయకండి, ఆ ఒక్క తప్పుకి క్షమాపణ చెప్పడం ఎవరితరమూ కాదు.